కడగని కుక్కరు, ఏడు ఫొటోలు, ఒక ఫిర్యాదు

కుక్కరు పేలిన రోజు మా అమ్మ మొదట చేయబోయింది తడిగుడ్డ తీసుకుని స్టవ్ గట్టు తుడవడం. పెరట్లో కరివేపాకు కోస్తూ ఉంది కాబట్టి దెబ్బ తగల్లేదు. ధబ్‌మని చప్పుడు విని ఇద్దరం వంటింట్లోకి పరిగెత్తితే పప్పు సీలింగుకి అంటుకుని బొట్లు బొట్లుగా కిందికి జారుతోంది, రబ్బరు గ్యాస్కెట్ మూతలోంచి ఒక పక్కకి వేలాడుతోంది, విజిల్ ఫ్రిజ్ కింద దొరికింది. అమ్మ చేతులు వణుకుతున్నాయి. అయినా ఆ వణుకుతున్న చేతులతోనే తుడవబోయింది, ఎందుకంటే మన ఇళ్లల్లో ఒలికింది తుడవకుండా నిలబడ్డం ఎవరికీ చేతకాదు. నేను గుడ్డ లాక్కున్నాను. ఆ తర్వాత నడిచిన వ్యవహారమంతా ఆ గుడ్డ లాక్కోవడం మీదే నిలబడింది, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది తెనాలి. ఆ కుక్కరు మా ఊళ్లోనే ఒక స్టీలు సామాన్ల షాపులో కొన్నాం. అయిదు లీటర్లది, అల్యూమినియం, డబ్బా మీద అందరికీ తెలిసిన కంపెనీ పేరు. డబ్బా మీద ధర 2,150 రూపాయలు ఉంటే షాపాయన 1,450కి ఇచ్చాడు. బిల్లు అడిగితే 'ఎస్టిమేట్' అని అచ్చేసి ఉన్న చిన్న చీటీ మీద "కుక్కర్ 5 లీ – 1450" అని రాసిచ్చాడు. షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు, కంపెనీ పేరు కూడా లేదు. అమ్మ ఫోన్‌లో స్కాన్ చేసి డబ్బు కట్టింది. మూడు నెలలు బానే ఉడికింది.

పేలిన సాయంత్రం నేను కోపంతో కూర్చుని వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు రాశాను. రెండు పేజీలు. "నకిలీ కుక్కరు అంటగట్టి మా ప్రాణాలతో చెలగాటమాడారు" అని మొదలవుతుంది. మోసం అనే మాట పదకొండుసార్లు వచ్చింది. గుంటూరులో మాకు వరసకి బాబాయి అయ్యే అడ్వకేటు ఒకాయన ఉన్నారు, ఆయనకి పంపితే ఫోన్ చేసి ఒకటే అడిగారు. "అమ్మాయ్, ఇది నకిలీ అని నీకెలా తెలుసు?" పేలింది కదా బాబాయ్ అన్నాను. "అసలు కంపెనీవి కూడా పేలతాయి. పేలడం లోపానికి సాక్ష్యం కావచ్చేమో గానీ నకిలీకి సాక్ష్యం కాదు" అన్నారు. నాకు అప్పుడు కష్టం అనిపించింది. కానీ ఆయనన్నది నూటికి నూరుపాళ్లు నిజం, ఇప్పుడు ఎవరడిగినా నేనూ అదే చెబుతున్నాను. నకిలీ అనే మాట ఫిర్యాదులో మొదట రాసేది కాదు, అన్నీ చూపించాక చివర రాసేది.

చట్టంలో కూడా ఆ మాటకి ఒక అర్థం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, అసలుది కాకుండానే అసలుదని చెప్పి అమ్మే వస్తువు నకిలీ వస్తువు. అంటే రెండు విషయాలు రుజువు కావాలి. ఒకటి, దీన్ని అసలుదని చెప్పి అమ్మారు. రెండు, ఇది అసలుది కాదు. మొదటిదానికి డబ్బా సరిపోతుంది. రెండోది మాత్రం మనం ఎంత గట్టిగా అరిచినా రుజువు కాదు, ఆ కంపెనీ వాళ్లు చెప్పాలి లేదా ల్యాబు చెప్పాలి. ఇక్కడే చాలామంది ఫిర్యాదులు నీరుగారిపోతాయని బాబాయి అన్నారు. అవతలి లాయరు లేచి "నకిలీ అనడానికి ఆధారం ఏమిటి" అంటే చూపించడానికి పేలిన కుక్కరు ఫొటో తప్ప ఇంకేం ఉండదు.

అయితే ప్రెషర్ కుక్కరు విషయంలో ఇంకో దారి ఉంది, అది నకిలీ అని రుజువు చేయడం కంటే తేలిక. 2021 ఫిబ్రవరి 1 నుంచి మన దేశంలో ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కరు ఏదైనా ఐఎస్ఐ మార్కు లేకుండా తయారు చేయకూడదు, అమ్మకూడదు. దాని ప్రమాణం నంబరు IS 2347. మార్కు అంటే ఆ బొమ్మ ఒక్కటే కాదు, బొమ్మ పైన ప్రమాణం నంబరు, కింద CM/L అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరు ఐఎస్ఐ మార్కు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి లైసెన్సో, ఏ వస్తువుకో, ఇప్పుడు చెల్లుతుందో లేదో కనిపిస్తుంది. ఇందుకు ఎవరి దయా అక్కర్లేదు, నిమిషం పని. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఈ నియమం మీదే రెండు పెద్ద ఆన్‌లైన్ అమ్మకందార్లకి చెరో లక్ష రూపాయల జరిమానా వేసి, అమ్మిన కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగివ్వమంది. ఒక సంస్థ అమ్మినవే 2,265 కుక్కర్లు. ఆ ఆర్డర్లలో ప్రశ్న బ్రాండు అసలా నకిలీనా అన్నది కాదు, ప్రమాణం ప్రకారం ఉన్నాయా లేదా అన్నదే.

కాబట్టి మా ఫిర్యాదు రెండు కాళ్ల మీద నిలబెట్టాం. ఒకటి చెల్లే ఐఎస్ఐ లైసెన్సు లేని కుక్కరు అమ్మారన్నది, రెండోది ఫలానా కంపెనీదని చెప్పి వాళ్లది కానిది అమ్మారన్నది. ఒకటి విరిగినా రెండోది ఉంటుంది.

ఇప్పుడు ఫొటోల సంగతి. నేను ఆ రోజు ఆవేశంలో ముప్పై దాకా తీశాను, ఫిర్యాదుతో పెట్టింది ఏడు. బాబాయి చెప్పిన పద్ధతి ఇది. మొదట దూరం నుంచి వంటిల్లంతా కనిపించేలా ఒకటి, తర్వాత ఆ కుక్కరొక్కటే కనిపించేలా, ఆ తర్వాత దగ్గరగా మనం చూపించదలుచుకున్న భాగం. నేరుగా దగ్గర్నుంచి తీసిన ఫొటో ఒక్కటే పెడితే అది ఏ కుక్కరిదో ఎవరికి తెలుసు? దూరంగా తీసినదాంట్లో హ్యాండిల్ మీద కనిపించిన గీతే దగ్గరి ఫొటోలోనూ కనిపిస్తే ఇది అదేనని చూసేవాళ్లకి తెలుస్తుంది. మా ఒకటో ఫొటోలో సీలింగు, స్టవ్, కుక్కరు, వేలాడుతున్న గ్యాస్కెట్ అన్నీ ఒకే ఫ్రేములో ఉన్నాయి, గోడగడియారం కూడా పడింది.

నాకు అన్నిటికంటే విలువైందిగా అనిపించేది రెండోది, కుక్కరు లోపలి ఫొటో. చూస్తే అందులో ఏమీ లేనట్టే ఉంటుంది. గిన్నె గోడకి లోపల చుట్టూ పసుపు రంగు చార ఒకటి, ఉడుకుతున్నప్పుడు పప్పు ఎంతవరకు ఉందో అంతవరకు అట్టకట్టిన మరక. ఆ చార పక్కన మా అబ్బాయి జామెట్రీ బాక్సులోని స్కేలు నిలబెట్టి తీశాను. చార అడుగు నుంచి ఆరు సెంటీమీటర్ల దగ్గర ఉంది, గిన్నె లోతు పద్నాలుగు. పప్పు, బియ్యం లాంటివి ఉడికేటప్పుడు కుక్కరు సగానికి మించి నింపొద్దని దాంతో వచ్చే పుస్తకంలోనే ఉంటుంది. మేం సగం కూడా నింపలేదు. కుక్కరు కేసుల్లో అవతలివాళ్లు మొదట అనే మాట "మీరు ఎక్కువ పోశారు, విజిల్ రంధ్రానికి పప్పు అడ్డం పడింది" అని. అమ్మ ఆ గుడ్డతో తుడిచి, కుక్కరు కడిగి బోర్లించి ఉంటే ఈ మాటకి మా దగ్గర జవాబు ఉండేది కాదు.

మూడోది మూత లోపలి వైపు. విజిల్ వెయిట్ ఒత్తిడిని ఒక హద్దులో ఉంచుతుంది. ఏ కారణం వల్లనైనా ఆవిరి దారి మూసుకుపోతే కాపాడాల్సింది సేఫ్టీ ప్లగ్, దాని మధ్యలో ఉండే లోహం వేడి హద్దు దాటగానే కరిగి ఆవిరిని వదిలేస్తుంది. మా మూతకి ఆ ప్లగ్ ఉండాల్సిన చోట పైనుంచి చూస్తే ప్లగ్ లాగే ఉంది. లోపలి నుంచి చూస్తే మామూలు స్క్రూ తలకాయ, దాని మీద స్క్రూడ్రైవర్ గాడి కూడా కనిపిస్తోంది. పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీశాను, సైజు తెలియాలని.

ఈ ఫొటో కింద నేను మొదట రాసింది "సేఫ్టీ ప్లగ్ లేకుండా డమ్మీ స్క్రూ బిగించి అమ్మిన దృశ్యం". బాబాయి కొట్టేశారు. ఆయన రాయించింది ఇది: "మూత లోపలి భాగం. సేఫ్టీ ప్లగ్ ఉండాల్సిన స్థానంలో గాడి ఉన్న స్క్రూ తల కనిపిస్తున్నది. మధ్యలో కరిగే లోహం కనిపించడం లేదు. ఘటన తర్వాత కూడా ఈ భాగం తెరుచుకోలేదు. తీసినది ఫిర్యాదుదారు కుమార్తె, ఘటన జరిగిన రోజు ఉదయం 10.40కి, తన ఫోన్‌తో." రెండూ పక్కపక్కన పెట్టి చదివితే తేడా ఎంతో తెలుస్తుంది. మొదటిదాంట్లో నేను తీర్పు చెప్పేశాను, దాన్ని అవతలి లాయరు ఒక్క ప్రశ్నతో పడగొట్టగలడు. రెండోదాంట్లో కాదనడానికి ఏమీ లేదు, కంటికి కనబడుతున్నదే ఉంది. ఆ స్క్రూ ఏమిటో ల్యాబు చెబుతుంది, అది నా పని కాదు.

నాలుగోది కుక్కరు అడుగు. ఐఎస్ఐ బొమ్మ ఉంది, IS 2347 ఉంది, కింద CM/L నంబరు కూడా ఉంది. మామూలుగా చూసేవాళ్లు నమ్మేస్తారు, మేమూ నమ్మే కొన్నాం. ఆ నంబరు యాప్‌లో కొడితే వేరే రాష్ట్రంలో వేరే సంస్థ పేరు వచ్చింది, వస్తువు కరెంటు వైరు. అయిదో ఫొటో ఆ స్క్రీన్. స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా అమ్మ ఫోన్‌లో యాప్ తెరిచి, నంబరు కొట్టి, ఫలితం వచ్చేదాకా నా ఫోన్‌తో వీడియో కూడా తీశాను, ఆ ఫ్రేములోనే పక్కన కుక్కరు అడుగు కనిపించేలా. నంబరు తప్పు కొట్టారని ఎవరూ అనకుండా.

ఆరోది పక్కింటి పిన్నిది, మాదీ పక్కపక్కన పెట్టి తీసింది. పిన్ని అదే మోడల్ రెండేళ్ల కిందట ఆ కంపెనీ సొంత షోరూమ్‌లో కొంది. కిరాణా కొట్టు కాటా మీద పెడితే పిన్నిది మూతతో కలిపి 2 కిలోల 240 గ్రాములు, మాది 1 కిలో 610. కాటా అంకెలు కనిపించేలా తీశాం. చూడ్డానికి గట్టి సాక్ష్యంలా ఉంటుంది గానీ దీన్ని నేను ఎక్కువ నమ్ముకోలేదు. కంపెనీలు మోడల్ మారుస్తాయి, మందం మారుస్తాయి, బరువు తేడా వేరే కారణంతోనూ రావచ్చు. తోడు సాక్ష్యంగా పనికొస్తుంది, అంతవరకే.

ఏడోది డబ్బా. పారేయకుండా ఉండడం మా అదృష్టం, అటక మీద అమ్మ అందులో దీపావళి ప్రమిదలు దాచింది. ఆరు వైపులా తీశాం. ప్యాకెట్ సరుకుల మీద తయారీదారు పేరు చిరునామా, తయారైన నెల సంవత్సరం, ఫిర్యాదులకి ఫోన్ నంబరు ఉండాలని తూనికలు కొలతల నియమాలు చెబుతాయి. ఈ డబ్బా మీద చిరునామాలో ఊరి పేరు ఉంది గానీ పిన్‌కోడ్ లేదు, నెల లేదు, కస్టమర్ కేర్ నంబరుకి తొమ్మిది అంకెలే ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది, ఒక మూల షాపు వాళ్లు అంటించిన గుండ్రటి ధర స్టిక్కరు. అది ఎందుకు పనికొచ్చిందో తర్వాత చెబుతాను.

ఫొటోల ఫైళ్ల గురించి ఒక జాగ్రత్త. నేను అన్నీ వాట్సాప్‌లో బాబాయికి పంపేసి, నా ఫోన్‌లో జాగా లేదని అసలువి తీసేయబోయాను. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఎప్పుడు ఏ ఫోన్‌తో తీశారన్న వివరాలు ఫైల్లోంచి పోతాయి. అసలు ఫైళ్లు ఫోన్‌లో అలాగే ఉండాలి, బాణం గుర్తులు, ఎర్ర సున్నాలు గీయాలనుకుంటే కాపీ మీద గీయాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డులకి ఒక సర్టిఫికెట్ ఉంటుంది, అది కూడా జతచేశాం. కమిషన్‌లో విచారణ అఫిడవిట్లు, కాగితాల మీద క్లుప్తంగా నడుస్తుంది కాబట్టి ప్రతిచోటా దాన్ని గట్టిగా అడగకపోవచ్చు, కానీ ఉంటే ఒక అభ్యంతరం తగ్గుతుంది.

ఇక షాపు. మర్నాడు అమ్మా నేనూ వెళ్లి ఫొటోలు చూపించాం. షాపాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. "అయ్యో, అమ్మా, మీకేం కాలేదు కదా? కుక్కరు తెచ్చి ఇచ్చెయ్యండి, కంపెనీకి పంపి కొత్తది ఇప్పిస్తాను" అన్నాడు. అమ్మ సరేనంది. నేను వద్దన్నాను, అమ్మకి కొంచెం కోపం వచ్చింది కూడా, మంచిగా మాట్లాడుతున్న మనిషిని అనుమానిస్తున్నానని. తీసుకున్నట్టు కాగితం మీద రాసి, కంపెనీ పేరు, ఆ CM/L నంబరు వేసి, సంతకం పెట్టి ఇవ్వండి, ఇప్పుడే తెచ్చిస్తాం అన్నాను. అక్కడితో ఆయన మర్యాద అయిపోయింది. ఈ మాట నేను అందరికీ గట్టిగా చెబుతాను, ఎంత మంచిగా అడిగినా ఆ వస్తువు చేయి దాటకూడదు. అది వెళ్లిపోతే మిగిలేవి ఫొటోలే, ల్యాబు ఫొటోలని పరీక్షించదు.

కంపెనీకి మెయిల్ పెట్టాం, ఫొటోలన్నీ జతచేసి, ఒకే ప్రశ్న అడుగుతూ: ఈ బ్యాచ్ నంబరు ఉన్న కుక్కరు మీరు తయారు చేసిందేనా? వాళ్లు కూడా మొదట సర్వీస్ సెంటర్‌కి పంపమన్నారు. పంపం, మీ మనిషినే పంపండి అన్నాం. వచ్చాడు, మా వంటింట్లోనే చూశాడు, తొమ్మిది రోజులకి లెటర్‌హెడ్ మీద జవాబు వచ్చింది, ఆ బ్యాచ్ తమ రికార్డుల్లో లేదని, ఆ వస్తువు తమ తయారీ కాదని. రెండో కాలు అప్పుడు నిలబడింది. వాళ్లు జవాబివ్వకపోయి ఉంటే కంపెనీని కూడా రెండో ప్రతివాదిగా చేర్చేవాళ్లం, అప్పుడు కమిషన్ నోటీసుకైనా చెప్పక తప్పేది కాదు.

షాపుకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, పదిహేను రోజులు చూసి, ఫిర్యాదు వేశాం. ఊళ్లో అందరూ ఇప్పటికీ ఫోరం అనే అంటారు, కొత్త చట్టం వచ్చాక దాని పేరు జిల్లా వినియోగదారుల కమిషన్. మనం ఉండే చోటే వేసుకోవచ్చు, కొన్నప్పటి విలువ 5 లక్షల లోపయితే ఫీజు లేదు, కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి.

ఎంత అడగాలన్న దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. నాన్న అయిదు లక్షలు అడగమన్నారు, అడిగితే కదా యాభై వేలన్నా వచ్చేది అని. నేను ఒప్పుకోలేదు. కుక్కరు 1,450, సీలింగు రంగుకి 1,800 రసీదుతో సహా, మానసిక వేదనకి 15,000, ఖర్చులకి 5,000. లెక్క చెప్పగలిగినదే అడిగితే లెక్క మీదే నమ్మకం ఉంటుంది. డబ్బు కంటే నాకు ముఖ్యమైన కోరిక ఇంకొకటి, ఆ షాపులో మిగిలి ఉన్న అలాంటి కుక్కర్ల అమ్మకం ఆపించాలని. ప్రమాదకరమైన వస్తువుల అమ్మకం ఆపమని, వెనక్కి తీసుకోమని చెప్పే అధికారం చట్టం 39వ సెక్షన్‌లో కమిషన్‌కి ఇచ్చింది. దాన్ని అడగడం చాలామంది మర్చిపోతారు. ధర తక్కువకి కొన్నామన్న సంగతి కూడా దాచలేదు, 2,150ది 1,450కి ఇచ్చాడని మొదటి పేరాలోనే రాశాం. దాస్తే అవతలివాళ్లు బయటపెట్టి "చవకది కొన్నారు, తెలిసే కొన్నారు" అంటారు. స్టీలు షాపుల్లో డబ్బా ధరకి ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు, అది అందరికీ తెలిసిందే.

నోటీసు అందాక 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి, ఆ పైన గడువు పెంచడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. షాపు వాళ్లు నలభై మూడో రోజున వేశారు. నకిలీ కాదని అనలేదు, ఎక్కువ పోశారని కూడా అనలేదు. "ఈ కుక్కరు మా షాపులో కొన్నది కాదు, ఫిర్యాదుదారు చూపిస్తున్న చీటీ మాది కాదు" అన్నారు.

నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఇన్ని ఫొటోలు తీసి, ఆ వస్తువుకీ ఆ షాపుకీ ఉన్న ముడి ఎంత సన్ననిదో నేను ఆలోచించనే లేదు. చీటీ మీద షాపు పేరు లేదు. యూపీఐలో డబ్బు వెళ్లింది షాపు పేరుకి కాదు, ఆయన పేరుకి. దేనికి కట్టామో అందులో ఉండదు, గిన్నెలకి కట్టారనవచ్చు. అప్పుడు గుర్తొచ్చింది డబ్బా మూల స్టిక్కరు, దాని మీద షాపు పేరు పొట్టి అక్షరాలు, పెన్నుతో 1450. ఇంకొకటి అక్క దగ్గర దొరికింది. కొన్న రోజు అమ్మ బెంగళూరులో ఉన్న అక్కకి డబ్బా ఫొటో తీసి పంపింది, "కొత్త కుక్కరు కొన్నాను, బాగుందా" అని. యూపీఐ కట్టిన నలభై నిమిషాలకి. ఆ ఫొటోలో స్టిక్కరు స్పష్టంగా ఉంది. అక్క ఫోన్ మార్చలేదు, ఆ మెసేజ్ తీసేయలేదు. అక్క అఫిడవిట్‌తో సహా అదనపు పత్రంగా వేశాం, ఎగ్జిబిట్ ఎ-9 అని గుర్తు వేశారు. బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని చట్టంలో ఉన్న సంగతి కూడా అప్పుడే చేర్చాం. బిల్లు ఇవ్వనివాడు బిల్లు లేదు కాబట్టి నాది కాదనడం న్యాయం ఎలా అవుతుంది?

పోయిన వాయిదాలో కుక్కరు తెమ్మన్నారు. ఘటన జరిగిన రోజు నుంచి అది గోనెసంచిలో ఉంది, ఎండిన పప్పుతో, వాసనతో. బస్సులో ఒళ్లో పెట్టుకుని అమ్మే తీసుకొచ్చింది. సిబ్బంది దాన్ని, మూతని, గ్యాస్కెట్‌ని, విజిల్‌ని విడివిడిగా రాసుకుని, తెల్లగుడ్డలో చుట్టి, పురికోస కట్టి, ముడుల మీద లక్క కరిగించి సీలు వేశారు. పరీక్ష ఫీజు మేమే కట్టాం, అలాగే కట్టాలి. ల్యాబు 45 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, కమిషన్ కావాలంటే గడువు పెంచుతుంది. సీలు మీద ఒకవైపు అమ్మ సంతకం, ఇంకోవైపు షాపు వాళ్ల లాయరు సంతకం. అమ్మ సంతకం పెట్టి, లోపలి చార చెరిగిపోకుండా చూడమ్మా అని ఆ సీలు వేసిన అమ్మాయితో చెప్పింది.